మొహం ఒకరిది, మెడ ఇంకొకరిది

మా భివండీ తెలుగు పిల్లలకి, తొమ్మిదో తరగతి వాళ్లకి, రష్మిక పేరుతో 2023 నవంబరులో తిరిగిన లిఫ్టు వీడియోతోనే పాఠం మొదలెడతాను. మొత్తం చూపించను, మొహం వరకు కత్తిరించిన రెండు మూడు ఫ్రేములు చాలు.

కంప్యూటరుకి ఇద్దరి ఫొటోలూ బోలెడన్ని ఇస్తారు. తల తిప్పడం, నవ్వడం ఇద్దరికీ కలిపి నేర్చుకుంటుంది, మొహం గీయడం మాత్రం ఎవరిది వాళ్లకి విడిగా. తర్వాత ఒకరి కదలిక మీద రెండోవారి మొహం గీయిస్తారు. మామూలుగా అతికేది కనుబొమ్మల నుంచి గడ్డం దాకానే. చెవులు, జుట్టు, మెడ అసలు మనిషివే. అందుకే అంచులు చూడమంటాను.

ఆమె లిఫ్టులోకి వచ్చే మొదటి క్షణంలో వేరే మొహం, మరుక్షణం రష్మిక. ఆపి ఆపి చూస్తే దొరుకుతుంది. వాట్సాప్‌లో మసకబారిన వీడియోలో ఈ గుర్తులు నిలవవు. అప్పుడు స్క్రీన్‌షాట్ తీయించి గూగుల్ లెన్స్‌లో వెతికిస్తాను. అసలు వీడియో బ్రిటన్‌లోని వేరొక యువతి అక్టోబరులోనే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నది.