వ్యాక్సా, సీలెంటా, సిరామిక్ కోటింగా?

కారు రంగు మీద ఫ్యాక్టరీలోనే క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర వేస్తారు. చాలా కార్లకు దీని మందం 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా పలుచన. ఎండ, పక్షి రెట్ట, చెట్ల జిగురు, దుమ్ము రాపిడి అన్నీ ముందు దీన్నే దెబ్బతీస్తాయి. అరిగిన క్లియర్ కోట్ మళ్లీ రాదు. వ్యాక్స్, సీలెంట్, సిరామిక్ కోటింగ్ దాని మీద నిలిచి ఆ దెబ్బల్లో కొంత తాము కాచుకుంటాయి.

వ్యాక్స్‌లో ప్రసిద్ధమైనది కర్నౌబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం ఇది. సాధారణంగా నెల, రెండు నెలలు నిలుస్తుంది. ఘాటైన డిటర్జెంట్‌తో కడిగితే ఇంకా ముందే పోతుంది. మెరుపులో మాత్రం దీనిది ప్రత్యేకమైన అందం. నలుపు, ముదురు ఎరుపు కార్లకు లోతైన నిగనిగ వస్తుంది, సన్నని గీతలు కొంతవరకు పూడిపోయి కంటికి ఆనవు. నీడలో, చల్లబడిన బానెట్ మీద పలచగా రాసి తుడిస్తే చాలు, ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎండలో రాస్తే గట్టిపడి తుడవడానికి రాదు.

సీలెంట్ కృత్రిమ పాలిమర్లతో చేసినది. నాలుగు నుంచి ఆరు నెలలు ఉంటుంది. మెరుపు అద్దంలా స్పష్టంగా ఉంటుంది కాబట్టి తెలుపు, వెండి రంగు కార్లకు బాగా నప్పుతుంది. రాసే పని వ్యాక్స్ లాంటిదే. అయితే మైనం మీద ఇది పట్టుకోదు. రెండూ కావాలంటే ముందు సీలెంట్, ఆ తర్వాత వ్యాక్స్.

సిరామిక్ కోటింగ్ తీరు వేరు. సిలికా ఆధారిత ద్రవం క్లియర్ కోట్‌కు గట్టిగా అతుక్కుని, గాలిలోని తేమతో చర్య జరిపి గట్టిపడుతుంది. మంచి కోటింగ్ రెండు మూడేళ్లు ఉంటుంది, జాగ్రత్తగా చూసుకుంటే ఇంకా ఎక్కువే. దాని మందం మాత్రం ఒకటి రెండు మైక్రాన్లే. ప్రకటనల్లో కనిపించే 9H అనేది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్ష కొలత. దాన్ని చూసి రాళ్ల దెబ్బలు, తాళంచెవి గీతలు ఆగుతాయనుకోవడం పొరపాటు.

మెరుపు కూడా చాలావరకు కోటింగ్‌ది కాదు, అంతకుముందు చేసే పాలిషింగ్‌ది. కారు కడిగి, క్లే బార్‌తో అంటుకున్న మురికి తీసి, పాలిష్ చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూనె తుడిచాకే కోటింగ్ వేయాలి. ఆ దశలు దాటేస్తే గీతలు కోటింగ్ అడుగున అలాగే ఉండిపోతాయి. తుడవడంలో ఆలస్యమైన చోట మబ్బు మచ్చల్లాంటి మరకలు గట్టిపడతాయి, వాటిని తీయాలంటే మళ్లీ పాలిషే. ప్రతి పాలిష్‌తో క్లియర్ కోట్ కొంత తరుగుతుంది.

సంరక్షణ దగ్గరే అసలు తేడా తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఆరుబయట నిలిపే నల్ల కారు ఒకటి ఉందనుకుందాం. బోరు నీటితో కడుగుతారు, రోజూ ఒకే తడిగుడ్డతో దుమ్ము తుడుస్తారు. ఆ గుడ్డలో చేరిన ఇసుక రేణువులు బానెట్ మీద సన్నని చక్రాల గీతలు గీస్తాయి. మూడింటిలో ఏదీ దీన్ని ఆపదు. నీటి సంగతికొస్తే, సిరామిక్ మీద నీళ్లు గుండ్రటి బొట్లుగా నిలుస్తాయి. ఎండలో అవి ఆరిపోతే అందులోని కాల్షియం తెల్లటి వలయాలుగా మిగులుతుంది. వెంటనే గమనిస్తే సమానంగా నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి, బాగా కడిగితే చాలావరకు పోతాయి. వేలితో తడిమినప్పుడు నునుపుగా ఉన్నా మరక వదలకపోతే పొర తిని పోయిందన్నమాట. అప్పుడు పాలిష్ చేయాలి, ఆ చోట కోటింగ్ కూడా పోతుంది.

కాబట్టి ఈ నల్ల కారుకు సిరామిక్ కన్నా ఏడాదికి రెండు మూడుసార్లు సీలెంట్ మేలు. మచ్చ పడినా తక్కువ ఖర్చుతో సరిదిద్దుకోవచ్చు. నీడలో నిలిపి, మంచి నీటితో కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో వెంటనే ఆరబెట్టే వారికి సిరామిక్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. నెలనెలా ఓపిగ్గా చేతితో రుద్దుకునే వారికి వ్యాక్స్ చాలు.

సిరామిక్ వేసిన మొదటి రోజు నీరు తగలనివ్వకూడదు, వారం రోజులు షాంపూ వాడకూడదు. వానాకాలంలో పైకప్పు కింద నిలిపే వీలుంటేనే వేయించాలి. కొన్నాళ్లకు నీళ్లు బొట్లు కట్టడం మానేస్తే కోటింగ్ పోయిందని తేల్చేయకూడదు. ముందు మంచి కార్ షాంపూతో కడిగి, ఇనుప ధూళిని కరిగించే ద్రావణంతో శుభ్రం చేయాలి. నీళ్లు మళ్లీ బొట్లు కడితే మురికి మాత్రమే పేరుకుందని అర్థం. అప్పటికీ పలచగా పరచుకుపోతుంటే కోటింగ్ అరిగిపోయినట్టే.