తలనొప్పికి స్కాన్ తీస్తే బయటపడిన 4 మిల్లీమీటర్ల మచ్చ

ఎం.ఆర్.ఐ. రిపోర్టు అట్టడుగున ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. పీయూష గ్రంథి ఎడమవైపు 4 మి.మీ. మచ్చ కనిపిస్తోందని, అది మైక్రోఎడినోమా కావచ్చని. ఆ సాయంత్రానికి అది చుట్టాల ఫోన్లలో ‘మెదడులో గడ్డ’ అయిపోతుంది.

అలాంటి రిపోర్టు అందుకున్న 28 ఏళ్ల అమ్మాయిని ఊహించుకుందాం. సుజాత అనుకుందాం. రెండేళ్లుగా తలనొప్పి, దాంతోపాటు వికారం. ఆరు నెలలుగా నెలసరి గతి తప్పింది. ఒకసారి నలభై రోజులకు, ఒకసారి డెబ్బై రోజులకు వస్తోంది. గైనకాలజిస్టు ముందు గర్భం లేదని నిర్ధారించుకుని, రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది. ప్రొలాక్టిన్ మాత్రం 74 ఉంది. గర్భం లేని స్త్రీలలో అది మిల్లీలీటరుకు దాదాపు 25 నానోగ్రాములు దాటకూడదు. తలనొప్పి కూడా ఉంది కదా అని ఎం.ఆర్.ఐ. తీయించారు. మచ్చ దొరికింది. తలనొప్పి, నెలసరి, మచ్చ మూడూ ఒకే కథలో భాగాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. అనుకోవడం సహజమే. కానీ ఆ కథ నిజమో కాదో తేల్చేది ఫిల్ము కాదు, రక్తం.

పీయూష గ్రంథి బఠానీ గింజంత ఉంటుంది. ముక్కు వెనక, మెదడు అడుగున, గుర్రపు జీనులా పల్లంగా ఉన్న ఎముకలో కూర్చుని ఉంటుంది. అంటే ఈ కణితి ఉన్నది మెదడు కండలో కాదు, మెదడు కింద వేలాడే గ్రంథిలో. 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే మైక్రోఎడినోమా అంటారు. ఇది క్యాన్సర్ కాదు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లకు ఎం.ఆర్.ఐ. తీసినా సుమారు పదిమందిలో ఒకరికి ఇలాంటి చిన్న మచ్చ కనబడుతుంది. వాళ్లలో చాలామంది ఆ సంగతి తెలియకుండానే జీవితమంతా గడిపేస్తారు. పైగా కనబడిన ప్రతి మచ్చా కణితే కాకపోవచ్చు. చిన్న నీటితిత్తి కావచ్చు, స్కాన్‌లో పడిన నీడ కావచ్చు.

అందుకే హార్మోన్ల డాక్టర్ ఫిల్ము చూశాక అడిగిన మొదటి ప్రశ్న విని సుజాత తల్లి తెల్లబోయింది.

“ఆపరేషన్ చెయ్యాలా డాక్టరుగారూ?” అని ఆమె అడిగితే, ఆయన “ఉండండమ్మా, ముందు అమ్మాయి ఏమేం మాత్రలు వేసుకుంటోందో చెప్పండి” అన్నారు.

తలనొప్పి వచ్చినప్పుడల్లా వేసుకునే మాత్ర ఒకటుందని సుజాత చెప్పింది. ఈ మధ్య దాదాపు రోజూ వేసుకుంటోంది. అట్ట తిప్పి చూస్తే, నొప్పి తగ్గించే నాప్రోక్సెన్‌తో పాటు వికారం తగ్గించే డాంపెరిడోన్ కూడా ఉంది. అసలు ముడి అక్కడుంది.

పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్‌ను పీయూష గ్రంథి తయారుచేస్తుంది. మెదడు నుంచి నిరంతరం దిగే డోపమైన్ దానికి కళ్లెం వేసి ఉంచుతుంది. డాంపెరిడోన్ ఆ డోపమైన్‌కు అడ్డుపడుతుంది. కళ్లెం వదులై ప్రొలాక్టిన్ పెరుగుతుంది. పెరిగిన ప్రొలాక్టిన్ అండాశయాలకు వెళ్లే సంకేతాలను మందగింపజేస్తుంది. బిడ్డకు పాలిచ్చే తల్లికి నెలసరి ఆలస్యమయ్యేది కూడా ఇందువల్లే. సుజాత ఒళ్లు కూడా అదే పని చేసింది, పాలు తాగే బిడ్డ లేకపోయినా.

గ్యాస్ కోసం వాడే చాలా మాత్రల్లో కూడా డాంపెరిడోన్ గానీ, లెవోసల్పిరైడ్ గానీ కలిసి ఉంటాయి. మానసిక సమస్యలకు వాడే రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వంటివీ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. అయితే వీటిని సొంతంగా ఆపకూడదు. రాసిన డాక్టరే మార్చాలి. మందు లేకపోయినా థైరాయిడ్ మందగిస్తే, కిడ్నీ దెబ్బతింటే, సూది గుచ్చుతారని బాగా భయపడ్డా ఆ అంకె పైకి పోతుంది. నిద్రలో ఎలాగూ పెరుగుతుంది కాబట్టి, లేచిన వెంటనే కాకుండా కొంతసేపు ఆగి రక్తం ఇవ్వడం మంచిది.

సుజాతకు తలనొప్పి మాత్ర మార్చి, మూడు రోజులు ఆగి మళ్లీ పరీక్ష చేశారు. ప్రొలాక్టిన్ 19కి దిగింది. రెండు నెలల్లో నెలసరి గాడిన పడింది. తలనొప్పి మైగ్రేన్ అని తేలింది, దానికి వేరే వైద్యం మొదలైంది. ఇంత చిన్న కణితి తలనొప్పి తెప్పించడం అరుదు. తలనొప్పి మాత్రలోని డాంపెరిడోన్ నెలసరిని చెడగొట్టింది. చెడిన నెలసరి స్కాన్ దాకా తీసుకెళ్లింది. స్కాన్‌లో ఎప్పటినుంచో అక్కడున్న మచ్చ కనబడింది.

కానీ కథ ఎప్పుడూ ఇలాగే ముగియదు. ఏ మందూ వాడకుండా ప్రొలాక్టిన్ 140 ఉండి, నెలసరి పూర్తిగా ఆగి, రొమ్ముల నుంచి పాలలాంటి ద్రవం వస్తుంటే, అదే 4 మి.మీ. మచ్చకు అర్థం మారిపోతుంది. ఆ కణితే ప్రొలాక్టిన్‌ను కురిపిస్తోందన్నమాట. దీన్నే ప్రొలాక్టినోమా అంటారు. అప్పుడు కూడా సాధారణంగా మొదటి వైద్యం కత్తి కాదు, మాత్ర. క్యాబర్‌గోలిన్ డోపమైన్ పని తానే చేసి, వదిలిన కళ్లెం బిగిస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు, పావు లేదా అర మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఉంటాయి కాబట్టి రాత్రి భోజనం చేశాక వేసుకోమంటారు. ఎక్కువమందిలో ప్రొలాక్టిన్ మామూలు స్థాయికి వస్తుంది, కణితి కుంచించుకుపోతుంది. రెండేళ్లు స్థిరంగా ఉంటే మందు తగ్గించి, ఆపి చూస్తారు. కొందరికి మళ్లీ పెరుగుతుంది, అప్పుడు మళ్లీ మొదలుపెడతారు. మందు పడకపోతే ముక్కు గుండా చేసే ఆపరేషన్ ఉండనే ఉంది.

ఇక్కడ పొరపాటు జరిగే చోటు ఒకటుంది. మందు మొదలయ్యాక, నెలసరి ఇంకా రాకముందే అండం విడుదలై గర్భం రావచ్చు. ఇప్పుడే పిల్లలు వద్దనుకునేవాళ్లు ఆ జాగ్రత్త మొదటి మాత్ర నుంచే తీసుకోవాలి. కావాలనుకునేవాళ్లకు ఇది మంచి కబురే. గర్భం నిలిచిందని తెలియగానే, మైక్రోఎడినోమా అయితే సాధారణంగా డాక్టర్లు మందు ఆపేస్తారు. గర్భంతో ఉన్నప్పుడు ఇంత చిన్న కణితి ఇబ్బందిపెట్టేంతగా పెరగడం నూటికి రెండు మూడు కేసుల్లోనే.

సుజాతకు మచ్చ మిగిలే ఉంది. ఆమెకు ఎదుగుదల హార్మోను ఎక్కువైందేమో చూడటానికి ఐ.జి.ఎఫ్-1 పరీక్ష చేశారు, మామూలుగానే వచ్చింది. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్టపై ఎర్రటి వెడల్పాటి చారలు, అదుపుకు రాని బి.పి. ఉండి ఉంటే కార్టిసాల్ కూడా చూసేవారు. అవేవీ లేవు. ఏడాదికి మరో ఎం.ఆర్.ఐ. తీయించమన్నారు. మార్పు లేకపోతే ఆ తర్వాత ఎడం పెంచుకుంటూ పోతారు. కంటిచూపు నరాలు గ్రంథికి పైన కొంత ఎడంగా ఉంటాయి కాబట్టి, 4 మిల్లీమీటర్ల మచ్చ వాటిని తాకదు. ఒక్కసారిగా భరించలేని తలనొప్పి, దాంతో చూపు తగ్గడం లేదా రెండుగా కనబడటం జరిగితే మాత్రం కారణం ఏదైనా సరే, తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

సుజాత ఫైల్లో ఇప్పుడు ఫిల్ము పక్కనే ఆ పాత మాత్రల ఖాళీ అట్ట కూడా ఉంది. ఇలాంటి రిపోర్టుతో హార్మోన్ల డాక్టర్ దగ్గరికి బయల్దేరేవాళ్లు అట్టలన్నీ, గ్యాస్ మాత్రతో సహా, సంచిలో వేసుకుని వెళ్లాలి. ఫిల్ము మచ్చ ఎక్కడుందో చెబుతుంది. దాని జోలికి పోవాలా వద్దా అన్నది చాలాసార్లు ఆ అట్టల నుంచే తేలడం మొదలవుతుంది.