ఇరవై దాకా చెప్పే పాప మూడు స్పూన్లు ఎందుకు ఇవ్వలేదు?

ఈ ఎపిసోడ్ మా అక్కావాళ్ళ వంటింట్లో మొదలైంది. నరసరావుపేటలో. అక్క కూతురికి మూడేళ్ళు. ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేస్తది. అక్క ఆ వీడియో స్టేటస్ కూడా పెట్టింది. ఆ సాయంత్రమే "అమ్మా, మూడు స్పూన్లు ఇయ్యి" అంటే పాప గుప్పెడు తీసిచ్చింది. "తెలిసి కూడా మొండికేస్తంది చూడు" అని అక్క ఒకటిచ్చింది. పాప ఏడుపు.

నేను చెప్పేది ఒకటే. అది మొండితనం కాదు. ఒకటి, రెండు, మూడు అని వరసగా చెప్పడం పిల్లలకి పాటలాంటిది. నోటికొస్తది. "మూడు" అంటే ఇన్ని అని తెలియడం ఇంకో విద్య. కారెన్ విన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1990లో దీన్నే పరీక్షించి రాశారు. బొమ్మలు ముందు పెట్టి ఇన్ని ఇవ్వమని అడిగారు. పిల్లలకి ముందు "ఒకటి" అర్థమవుద్ది. కొన్ని నెలలకి "రెండు", ఇంకొన్ని నెలలకి "మూడు". ఆ తర్వాతే లెక్కపెట్టి ఎన్నైనా ఇవ్వడం వస్తది. మామూలుగా ఇది మూడున్నర, నాలుగేళ్ళకి. కొంచెం అటూ ఇటూ ఉంటది.

సరే, మీ పాప ఎక్కడుందో ఎట్టా తెలుస్తది? పళ్ళెంలో ఏడెనిమిది స్పూన్లు పెట్టండి. ముందు ఒకటి అడగండి, తర్వాత రెండు, తర్వాత మూడు. ఒక్కొక్కటి రెండుసార్లు అడగండి, గుడ్డిగా ఒకసారి కరెక్ట్ అవ్వచ్చు కదా. ఇక్కడ మనమే చేసే తప్పొకటుంది. మూడోది రాగానే చెయ్యి మూసేస్తాం, లేదా "ఆ, చాలు" అంటాం. పాప మన చేతిని చూసి ఆగిపోద్ది, మనం వచ్చేసిందనుకుంటాం. చెయ్యి అట్టాగే చాపి ఉంచండి.

మా పాపకి ఒకటి అడిగితే ఒకటే ఇచ్చింది. రెండు అడిగితే రెండే. మూడు అడిగితే గుప్పెడు. అంటే ఇప్పుడు నేర్పాల్సింది మూడు. ఇరవై ఒకటి కాదు.

అక్క ఏం చేసిందంటే, కూర తరిగేముందు మూడు ఉల్లిపాయలు పీట మీద పెట్టింది. ముందు మొత్తం చెప్పింది: "ఇవి మూడు ఉల్లిపాయలు." తర్వాత ఒక్కోదాన్నీ తాకుతూ "ఒకటి, రెండు, మూడు. మూడు ఉల్లిపాయలు" అంది. పక్కన రెండు టమాటాలు పెట్టి "ఇవి మూడు కాదు, రెండు" అంది. మర్నాడు ఉల్లిపాయలు కాదు, మూడు గరిటెలు. ఎప్పుడూ ఒకే వస్తువైతే మూడు అంటే ఉల్లిపాయలే అనుకునే ప్రమాదం ఉంది. రోజుకి రెండు నిమిషాలు, అంతే.

మన తెలుగులో ఒక చిక్కుంది. వస్తువులకి మూడు, మనుషులకి ముగ్గురు. పాపకి ఇవి రెండు వేరే మాటలు. అందుకే ముందు వస్తువులతో కుదరనివ్వండి. తర్వాత అన్నాల వేళ కంచాలు పెట్టించండి. "అమ్మకొకటి, నాన్నకొకటి, నీకొకటి. మనం ముగ్గురం, కంచాలు మూడు." కంచం తక్కువైతే మీరు చెప్పకండి. కంచం లేనివాళ్ళెవరో పాపే కనిపెడతది.

ఇక షేపులు. చపాతీ పిండి చాలు. పుస్తకంలో ట్రయాంగిల్ ఎప్పుడూ కింద గీత, పైన మొన. అందుకే తలకిందులుగా పెడితే చాలామంది పిల్లలు "ఇది కాదు" అంటారు. మీరు చపాతీ ఒత్తి మూడు మూలల ముక్కలు కొయ్యండి. ఒకటి సన్నగా, ఒకటి వెడల్పుగా. పీట మీద తిప్పి తిప్పి పెట్టండి. పాప వేలు పట్టుకుని అంచు వెంబడి నడిపించి, మూల రాగానే ఆగండి. ఒక మూల, రెండు, మూడు. పక్కన నాలుగు మూలల ముక్క పెట్టి తేడా చూపించండి. మూడు ఇంకా రాని పాపైతే మూలలు తాకిస్తే చాలు, లెక్క అడగద్దు.

ఒక జాగ్రత్త. మన పల్నాడులో సీజనొస్తే ఇంటినిండా మిరపకాయలే. అవి లెక్కకి వద్దు, అదే చేత్తో కళ్ళు నలుపుకుంటారు. శనగలు, వేరుశనగ గింజలు కూడా వద్దు, గొంతులో అడ్డం పడతాయి. కత్తిపీట, పొయ్యి పక్కన ఈ ఆట ఆడద్దు.

అక్క మూడు వారాలు చేసింది. ఇంకా రోజూ రావట్లేదు. మొన్న మాత్రం నాలుగు స్పూన్లు తెచ్చి, చూసుకుని, ఒకటి వెనక్కి పెట్టేసింది. నా లెక్కలో ఆ ఇరవై అంకెల వీడియో కంటే ఇదే పెద్దది. ఇవాళ రాత్రి మీరూ ఒకసారి మూడు స్పూన్లు అడిగి చూడండి. గుప్పెడు ఇస్తే తిట్టకండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిందన్నమాట. ఉంటానండీ, మళ్ళీ కలుద్దాం.