ఫాస్టింగ్ నార్మల్ వచ్చినా షుగర్ ఉండొచ్చు: గర్భిణుల గ్లూకోజ్ పరీక్ష ఇలా

గర్భిణులకు సాధారణంగా 24 నుంచి 28 వారాల మధ్య డాక్టర్లు గ్లూకోజ్ టాలరెన్స్ టెస్ట్ రాస్తారు. ముందు రాత్రి భోంచేశాక కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. పరీక్షలో గ్లూకోజ్ తాగాలి కాబట్టి రోజా ఉన్న రోజు ఇది కుదరదు.

ల్యాబ్‌లో మొదట పరగడుపున రక్తం తీస్తారు. తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్‌ను సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. దాన్ని 5 నిమిషాల్లో తాగేయాలి. తాగడం మొదలుపెట్టినప్పటి నుంచి టైం లెక్కపెట్టి, గంటకు ఒకసారి, రెండు గంటలకు మరోసారి రక్తం తీస్తారు. అంతవరకు ఏమీ తినకుండా కూర్చునే ఉండాలి. అటూ ఇటూ నడిస్తే రీడింగ్ తగ్గి కనిపించవచ్చు. వాంతి అయితే వెంటనే చెప్పాలి, పరీక్ష మరో రోజు మళ్లీ చేయాల్సి వస్తుంది.

రిపోర్టులో హద్దులు మూడు: పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153. ఏ ఒక్కటి ఆ అంకెకు చేరినా గర్భకాలపు షుగర్ కిందే లెక్క. ఒకామెకు 86, 191, 148 వచ్చాయనుకుందాం. ‘ఫాస్టింగ్ బాగానే ఉంది కదా’ అని ఇంట్లోవాళ్లు రిపోర్టు పక్కన పెట్టేయొచ్చు. కానీ గంట రీడింగ్ 180 దాటింది, అంటే ఆమెకు షుగర్ ఉన్నట్టే. అదే రోజు రిపోర్టు డాక్టర్‌కు చూపించాలి.

ఈ హద్దులు గర్భిణులకే. మిగతావాళ్లకు రెండు గంటల రీడింగ్ 140 లోపు ఉంటే నార్మల్, 200 లేదా అంతకు మించితే షుగర్.