గుణకాలు చెప్పే జవాబు

2x² − 3x + 4 ను A(x−1)² + B(x−1) + C రూపంలో రాయాలి. A, B, C ఎంత? x కి ఏ విలువ ఇచ్చినా రెండు వైపులా సమానం కావాలన్నదే షరతు.

కుడివైపు విస్తరిస్తే Ax² + (B − 2A)x + (A − B + C) వస్తుంది. ఇప్పుడు x² గుణకాలను పోల్చితే A = 2. x గుణకాలను పోల్చితే B − 4 = −3, అంటే B = 1. స్థిరపదాల నుంచి 2 − 1 + C = 4, కాబట్టి C = 3.

ఇలా పోల్చే హక్కు ఎక్కడిది? రెండు వైపుల తేడా కూడా ఒక బహుపదే. రెండో తరగతి బహుపది మహా అయితే రెండు విలువల దగ్గరే సున్నా అవుతుంది. అన్ని విలువలకూ సున్నా కావాలంటే దాని గుణకాలన్నీ సున్నా కాక తప్పదు. అందుకే ఏదో ఒకటి రెండు విలువలకే నిజమయ్యే మామూలు సమీకరణంలో ఈ పద్ధతి చెల్లదు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

B(x−1) పదాన్ని మరిచిపోయామనుకోండి. x² గుణకం A = 2 అంటుంది, x గుణకం −2A = −3 అంటుంది. రెండూ ఒకేసారి కుదరవు. అలా పొసగకపోతే ఎంచుకున్న రూపమే చాలలేదని అర్థం. విస్తరణలో పొరపాటు దొర్లిందేమో చూడటానికి x = 3 వేయండి: రెండు వైపులా 13 రావాలి.