అక్షరాలు పెట్టాకే లెక్క

ఆరేసి ఓమ్‌ల నిరోధాలు మూడు, ఒకదాని పక్కన ఒకటి, ఒకే వరసలో గీసి ఉన్నాయి. ఎడమ కొస నుంచి కుడి కొస దాకా నాలుగు బిందువులు: మొదటి నిరోధానికి ముందొకటి, మధ్యలో రెండు, చివర ఒకటి. ఇప్పుడొక ఉత్త తీగ మొదటి బిందువు నుంచి పైకి లేచి, వంగి, మూడో బిందువు మీద దిగింది. మరో తీగ రెండో బిందువు నుంచి కిందుగా వెళ్లి నాలుగో దానికి కలిసింది. రెండు కొసల మధ్య ఫలిత నిరోధం ఎంత? ఇంటర్ పిల్లలు ప్రవేశ పరీక్షల కోసం తిరగేసే పుస్తకాల్లో ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ప్రశ్న ఇది. మూడూ వరసగా ఉన్నాయి కదా అని 18 రాసేసేవాళ్లు చాలామంది. సరైన జవాబు 2.

ఎలాగో చూద్దాం. సర్క్యూట్ బొమ్మలో గీసిన ఉత్త తీగకు నిరోధం సున్నా అనుకుంటాం. నిరోధమే లేనప్పుడు ఎంత కరెంటు పారినా దాని రెండు కొసల మధ్య వోల్టేజీ తేడా రాదు. కాబట్టి తీగ ఎంత పొడవున్నా, ఎన్ని వంకరలు తిరిగినా, దాని రెండు కొసలూ ఒకే చోటు కింద లెక్క. ఆ చోటుకు ఒకే అక్షరం పెట్టాలి. మొదటి బిందువుకు క అని పేరు పెడితే, తీగతో కలిసిన మూడోదీ క అవుతుంది. రెండోదానికి గ అంటే, నాలుగోదీ గ అవుతుంది. వరసగా చదవండి: క, గ, క, గ. మొదటి నిరోధం క నుంచి గ కు. రెండోది గ నుంచి క కు. మూడోది మళ్లీ క నుంచి గ కు. మూడూ ఒకే జంట అక్షరాల మధ్య ఉన్నాయి, అంటే సమాంతరంగా ఉన్నాయి. ఆరును మూడుతో భాగిస్తే రెండు.

శ్రేణి, సమాంతరం అనేవి బొమ్మ ఆకారాన్ని బట్టి తేలవు. పదో తరగతిలో శ్రేణి సంధానం అనగానే ఒక గీత మీద వరసగా ఉన్న నిరోధాలు, సమాంతరం అనగానే నిచ్చెన మెట్లలా ఉన్న నిరోధాలు గీసి చూపిస్తాం. పిల్లల మనసులో ఆ బొమ్మే ముద్ర పడిపోతుంది. దాని బదులు రెండు పరీక్షలు గుర్తుంటే చాలు. రెండు నిరోధాల రెండేసి కొసలకూ అవే అక్షరాలు ఉంటే అవి సమాంతరం. రెండు నిరోధాలు ఒక బిందువు దగ్గర కలిసి, ఆ బిందువులో మూడో దారి ఏదీ చేరకపోతే అవి శ్రేణి. ఈ రెండో పరీక్షలో సగం మాటే గుర్తుండటం వల్ల పోయే మార్కులు తక్కువేం కాదు. ‘కలిసి ఉన్నాయా’ అని చూస్తారు, ‘మూడో దారి ఉందా’ అని చూడరు.

ఒక మిశ్రమ వలయాన్ని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. బ్యాటరీ ధన కొస క, రుణ కొస ట. క నుంచి గ దాకా 3 ఓమ్‌లు. గ నుంచి నేరుగా ట కు 12 ఓమ్‌లు. గ నుంచే ఇంకో దారి: ముందు 4 ఓమ్‌లు దాటి చ కు చేరుతుంది. చ నుంచి ట కు రెండు నిరోధాలు, ఒకటి 10, ఒకటి 40. మొత్తం ఐదు నిరోధాలు, నాలుగు అక్షరాలు. కాగితం మీద గీసుకుంటే ఇంకా సులువు.

ఎక్కడ మొదలుపెట్టాలి? బ్యాటరీ పక్కనున్న 3 ఓమ్‌ల దగ్గర మొదలుపెట్టాలని చెయ్యి లాగుతుంది, పక్కనే 4 ఉంది కాబట్టి 3, 4 కలిపి 7 అనాలనిపిస్తుంది. కానీ వాటి మధ్యనున్న గ దగ్గర 12 ఓమ్‌ల దారి చేరింది. 3 గుండా వచ్చిన కరెంటు అక్కడ రెండుగా చీలుతుంది. ఒకే కరెంటు పారని రెండింటిని కూడటానికి లేదు. కాబట్టి బ్యాటరీకి దూరంగా ఉన్న కొసకు వెళ్లాలి. 10, 40 రెండూ చ, ట ల మధ్యే ఉన్నాయి. సమాంతరం. 1/10 + 1/40 = 5/40 = 1/8. తలకిందులు చేస్తే 8 ఓమ్‌లు. వెంటనే బొమ్మ మళ్లీ గీయాలి: చ, ట ల మధ్య ఇప్పుడు ఒకటే నిరోధం, 8.

ఇలా తిరగ్గీసిన తర్వాత చ దగ్గర రెండే దారులు మిగిలాయి. 4, 8 శ్రేణి అయ్యాయి. మొత్తం 12. ఇప్పుడు గ, ట ల మధ్య రెండు పన్నెండులు సమాంతరంగా ఉన్నాయి, వాటి ఫలితం 6. ఇక గ దగ్గరా చీలిక పోయింది. 3, 6 శ్రేణి. ఫలిత నిరోధం 9 ఓమ్‌లు. గమనించారా, 4 మొదట దేనితోనూ శ్రేణిలో లేదు. దాని పక్కన ముడి విడిపోయాకే శ్రేణిలోకి వచ్చింది. ప్రతి అడుగుకూ కొత్త బొమ్మ గీయమని మాస్టార్లు పోరేది ఇందుకే. పాత బొమ్మ మీదే అంకెలు కొట్టేసి రాసుకుంటే, ఏది ముడి, ఏది ముడి కాదు అన్నది కంటికి ఆనదు.

ఇప్పుడు ఒక తప్పు దారి. చ దగ్గరి చీలికను చూడకుండా 4, 10 వరసగా ఉన్నాయని 14 చేశారనుకుందాం. 14 కు 40 ని సమాంతరం చేస్తే సుమారు 10.37. దానికి 12 సమాంతరం చేస్తే 5.56. మూడు కూడితే 8.56. అసలు జవాబు 9. ఈ తప్పులో ప్రమాదం ఇదే: జవాబు చూడటానికి బాగానే ఉంటుంది, ఎక్కడా అనుమానం రాదు.

దీన్ని పట్టుకోవాలంటే వెనక్కి నడవాలి. 18 వోల్టుల బ్యాటరీ పెట్టామనుకోండి. 9 ఓమ్‌లు సరైనదైతే కరెంటు 2 ఆంపియర్లు. 3 ఓమ్‌ల మీద 6 వోల్టులు పోతాయి, గ దగ్గర 12 మిగులుతాయి. 12 ఓమ్‌ల దారిలో 1 ఆంపియర్, రెండో దారిలో 1 ఆంపియర్. ఆ రెండో దారిలో 4 ఓమ్‌ల మీద 4 వోల్టులు పోగా చ దగ్గర 8 వోల్టులు. 10 ఓమ్‌ల గుండా 0.8, 40 ఓమ్‌ల గుండా 0.2. రెండూ కలిపితే చ కు వచ్చిన 1 ఆంపియర్‌కు సరిపోయింది. తప్పు చేసిన విద్యార్థి లెక్కను ఇలాగే నడిపిస్తే గ దగ్గర సుమారు 11.69 వోల్టులు వస్తాయి. 4 గుండానూ 10 గుండానూ 0.835 ఆంపియర్, 40 గుండా 0.292. ఇప్పుడు చ బిందువును చూడండి: వచ్చింది 0.835, పోయింది 1.127. రానిది ఎలా పోతుంది? లెక్క తప్పని ఆ ఒక్క బిందువు చెప్పేస్తుంది. 1845లో కిర్కాఫ్ చెప్పిన నియమం ఇదే, బిందువులోకి వచ్చే కరెంటుల మొత్తం, పోయే కరెంటుల మొత్తం సమానం.

అంకగణితంలో జారే చోట్లు రెండున్నాయి. ఒకటి, 1/8 దగ్గర ఆగిపోయి జవాబు 0.125 ఓమ్ అని రాయడం. రెండు నిరోధాలు సమాంతరంగా ఉంటే ఫలితం వాటిలో చిన్నదానికన్నా తక్కువ, కానీ చిన్నదాని సగానికన్నా తగ్గదు. 10, 40 అయితే జవాబు 5 కూ 10 కీ మధ్యే ఉండాలి. 0.125 అని రాసే ముందే పెన్ను ఆగిపోవాలి. రెండోది, రెండు నిరోధాలకు పనికొచ్చే ‘లబ్ధం బై మొత్తం’ సూత్రాన్ని మూడింటికి లాగడం. మూడు ఆరుల లబ్ధం 216, మొత్తం 18, జవాబు 12 అంటారు. అసలు జవాబు 2. పైన ఓమ్ మూడుసార్లు, కింద ఒకసారి ఉంటే మిగిలేది ఓమ్ వర్గం, అది నిరోధమే కాదు. ప్రమాణాలు రాసే అలవాటుంటే ఈ పొరపాటు జరగదు.

ఇంకో అపార్థం కాస్త లోతైనది. వలయానికంతా ఒకటే ఫలిత నిరోధం ఉంటుందనుకోవడం. ఫలిత నిరోధం ఎప్పుడూ ఏవో రెండు బిందువుల మధ్యే. మన ఐదు నిరోధాల వలయంలోనే బ్యాటరీ తీసేసి క, గ ల మధ్య కొలిస్తే 3 ఓమ్‌లే వస్తుంది. మిగతాదంతా గ కు ఒక్కచోటే వేలాడుతోంది, అందులోకి వెళ్లిన కరెంటుకు తిరిగొచ్చే దారి లేదు. గ, ట ల మధ్య అయితే 6. గ, చ ల మధ్య 4 కు సమాంతరంగా 12, 8 కలిసిన 20 ఓమ్‌ల దారి ఉంది కాబట్టి 3.33.

మరమ్మతు షాపుల్లో పనిచేసేవాళ్లకు ఇది పుస్తకం చూడకుండానే తెలుసు. బోర్డు మీదున్న నిరోధాన్ని కొలవాలంటే కరెంటు తీసేసి, దాని ఒక కాలును టంకం కరిగించి పైకి లేపి మల్టీమీటర్ పెడతారు. మన వలయంలో 40 ఓమ్‌ల నిరోధాన్ని కాలు లేపకుండా కొలిస్తే మీటర్ 40 చూపదు. 10 ఒకటి, 4, 12 కలిసిన 16 ఒకటి, రెండూ దానికి సమాంతరంగా నిలబడతాయి. మీటర్ చూపేది 5.33. ఆ నిరోధం పాడైందని అనుకుంటే మంచి భాగాన్ని పీకి పారేసినట్టే.

ఇక ఈ అడుగుల పద్ధతి చేతులెత్తేసే వలయం ఒకటుంది. క నుంచి గ కు 10, గ నుంచి ట కు 20, క నుంచి చ కు 5, చ నుంచి ట కు 40, గ, చ ల మధ్య వంతెనలా 7 ఓమ్‌లు. ఏ రెండింటిని తీసుకున్నా రెండు కొసలకూ అవే అక్షరాలు లేవు. గ, చ రెండింటి దగ్గరా మూడేసి దారులు. శ్రేణీ లేదు, సమాంతరమూ లేదు. 1833లో శామ్యూల్ హంటర్ క్రిస్టీ కనిపెట్టినా, పదేళ్ల తర్వాత ప్రచారంలోకి తెచ్చిన వీట్‌స్టన్ పేరుతోనే ఈ వంతెన నిలిచింది. నాలుగో నిరోధం 40 కి బదులు 10 అయివుంటే 10/20, 5/10 సమానమై, గ, చ ల మధ్య వోల్టేజీ తేడా లేక, 7 ఓమ్‌ల గుండా కరెంటు పారేది కాదు. దాన్ని తీసేసి 30, 15 సమాంతరం చేస్తే 10 ఓమ్‌లు వచ్చేది. చాలామంది ఆ నిష్పత్తి చూడకుండానే మధ్యదాన్ని తీసేస్తారు. వంతెన కనిపిస్తే చాలు, సమతుల్యమే అన్నట్టు.

సమతుల్యం కాని మన వంతెనకు జవాబు ఏ రెండు అంకెల మధ్య ఉంటుందో పట్టుకోవడం కష్టం కాదు. మధ్యలోని 7 ను పూర్తిగా తీసేస్తే 30, 45 సమాంతరం, 18 ఓమ్‌లు. దాని బదులు ఉత్త తీగ పెడితే గ, చ ఒకే అక్షరం అవుతాయి, 10, 5 సమాంతరం 3.33, 20, 40 సమాంతరం 13.33, మొత్తం 16.67. ఏ నిరోధాన్ని తగ్గించినా ఫలితం పెరగదు కాబట్టి అసలు జవాబు ఈ రెండింటి మధ్యే ఉండాలి. కచ్చితమైన అంకె కావాలంటే 10, 5, 7 లతో ఏర్పడిన త్రిభుజాన్ని 1899లో కెనెల్లీ చూపిన పద్ధతిలో మూడు కాళ్ల నక్షత్రంగా మార్చుకోవాలి. ఒక్కో కాలు అంటే దాని బిందువు దగ్గర కలిసే రెండు నిరోధాల లబ్ధాన్ని మూడింటి మొత్తంతో, ఇక్కడ 22 తో, భాగించగా వచ్చేది. క వైపు కాలు 50/22, గ వైపు 70/22, చ వైపు 35/22. ఆ తర్వాత మళ్లీ మామూలు శ్రేణి, సమాంతరాలే. చేసి చూస్తే సుమారు 17.16 ఓమ్‌లు వస్తుంది.