పందిరికీ తిట్టుకీ తేడా తెలియని జల్లెడ

ఒకావిడ యూట్యూబ్‌లో మిద్దెతోట వీడియోలు పెడుతుంటారని అనుకుందాం. ఎక్కడ చెడిందో గానీ, ఒక వీడియో కింద వరసగా తిట్లు మొదలయ్యాయి. వాటిలో ఎక్కువసార్లు కనిపించేది ‘పంది’. ఆవిడ చానల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి Blocked words అనే గడిలో ఆ మాట రాసి భద్రపరిచారు. ఇక ఆ మాట ఉన్న వ్యాఖ్య నేరుగా వీడియో కింద పడకుండా Held for review అనే పెట్టెలోకి వెళ్లాలి. ఆవిడ ఒప్పుకుంటేనే బయటికొస్తుంది.

మర్నాటికి తిట్లు కొంత తగ్గాయి గానీ ఆగలేదు. ఎందుకంటే ఇలాంటి జాబితా పోల్చేది అక్షరాల వరసను. అర్థంతో దానికి పనిలేదు. తెలుగులో మాట ఒంటరిగా నిలబడేది తక్కువ. పందివి, పందిలా, పందికి అని ప్రత్యయాలు అతుక్కుంటాయి. బహువచనంలో ‘పందులు’ అయ్యేసరికి ‘ది’ కాస్తా ‘దు’ అయిపోతుంది. పూర్తి మాట సరిపోతేనే ఆపాలంటే ఇవన్నీ తప్పించుకుంటాయి. పోనీ, ఆ అక్షరాలు ఎక్కడ కనిపించినా ఆపాలంటే ‘బీరపాదుకు పందిరి ఎలా వేశారండీ?’ అని అడిగిన అమాయకురాలి ప్రశ్న కూడా పెట్టెలో పడుతుంది.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగుతో చిక్కు ఇంకా ముదురుతుంది. pandi అని ఒకరు, pandhi అని మరొకరు రాస్తారు. తెలివి మీరినవాడు p@ndi అంటాడు. పైగా ఆ లిపిలో ‘పంది’కీ ‘పండి’కీ స్పెల్లింగ్ ఒకటే. ‘Tomato baga pandi erraga undi’ అని మెచ్చుకున్నవాళ్లూ తిట్టినవాళ్లూ ఒకే పెట్టెలో చేరతారు. ఇంకో కనపడని మెలిక ఉంది. తెలుగు టైపింగులో అక్షరాలు కలిసిపోకుండా వాడే, కంటికి కనిపించని గుర్తు ఒకటుంది, యూనికోడ్‌లో U+200C. దాన్ని మాట మధ్యలో ఇరికిస్తే మనకు తేడా తెలియదు, కానీ యంత్రానికి అది వేరే మాటగా కనపడవచ్చు.

అందుకని జాబితాను ఊహించి రాయడం కన్నా, వచ్చిన వ్యాఖ్యల్లోంచి తిట్లను వాళ్లు రాసిన స్పెల్లింగ్‌తోనే కాపీ చేసి చేర్చడం మేలు. చేర్చాక ఇంట్లో ఇంకొకరి ఖాతా నుంచి రెండు మూడు రూపాలు రాయించి, ఏది ఆగిందో ఏది దాటిందో చూసుకోవాలి. మరీ పొట్టి మాటలు పెట్టకపోవడం మంచిది.

మాటల జాబితా కాకుండా, అనుచితంగా తోచిన వ్యాఖ్యను యంత్రమే పోల్చుకుని ఆపే పద్ధతి కూడా ఉంది. వేలాది పాత వ్యాఖ్యలను చూపించి దానికి నేర్పుతారు. అయితే ‘ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరా అమ్మా?’ లాంటి వ్యాఖ్యలో ఒక్క చెడ్డ మాట లేదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో తెలిస్తేనే అది ఎత్తిపొడుపని అర్థమవుతుంది. ఇలాంటివి మనిషి చూడాల్సిందే.

ఆ చూసే మనిషి తిట్లు తిన్నావిడే కానక్కర్లేదు. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. పెట్టె తెరిచి వంద తిట్లూ ఆవిడే చదివితే వడపోత వల్ల ప్రేక్షకులకే గానీ ఆవిడకు ఊరట ఏముంది? పాస్‌వర్డ్ చెప్పకుండానే చానల్ పనుల్లో కొన్నిటిని మరొకరికి అప్పగించే వీలుంది. తమ్ముడో, స్నేహితురాలో ఆ పని చేయవచ్చు. పెట్టెలోని వ్యాఖ్యలు 60 రోజుల వరకే ఉంటాయి కాబట్టి మరీ వాయిదా వేయకూడదు.

ఒక్కడే పదే పదే వేధిస్తుంటే Hide user from channel ఉంది. ఆ తర్వాత అతని వ్యాఖ్యలు ఇతరులకు కనపడవు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పరు కాబట్టి వెంటనే కొత్త ఖాతా తెరవాలన్న పంతం పుట్టే అవకాశం తక్కువ. ఫేస్‌బుక్‌లో మాత్రం జాగ్రత్త. అక్కడ దాచిన వ్యాఖ్య రాసినవాడికీ అతని స్నేహితులకూ కనపడుతూనే ఉంటుంది. గుంపుగా వచ్చినవాళ్ల ముందు అది దాచినట్టే కాదు. వందల ఖాతాలు ఒకేసారి విరుచుకుపడితే ఒక్కొక్కరినీ ఏరుతూ కూర్చోవడం దండగ. ఆ నాలుగు రోజులూ Hold all పెట్టి, వచ్చే ప్రతి వ్యాఖ్యనూ ఆపేయడమే నా లెక్కలో సరైన పని.

బెదిరింపులు, అసభ్య వ్యాఖ్యలు మాత్రం కోపంలో వెంటనే తుడిచేయకండి. వ్యాఖ్య, తేదీ, వీడియో లింకు కనపడేలా స్క్రీన్‌షాట్ తీయండి. రాసినవాడి చానల్ తెరిచి, UC తో మొదలయ్యే 24 అక్షరాల ఐడీని కూడా రాసిపెట్టుకోండి. పేరు ఎన్నిసార్లు మార్చుకున్నా ఆ ఐడీ మారదు. cybercrime.gov.in లో ఫిర్యాదు చేసేటప్పుడు వీటిని జతచేయండి.